‘వాతావరణం వల్ల’ అనని క్షమాపణ

2007 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌ను మంచు తుఫాను ముంచెత్తింది. జాన్ ఎఫ్. కెనెడీ విమానాశ్రయంలో మిగతా విమానయాన సంస్థలు చాలావరకు ముందే సర్వీసులు రద్దు చేసుకున్నాయి. జెట్‌బ్లూ మాత్రం చేయలేదు. ఎంత ఆలస్యమైనా సరే, రద్దు చేయకుండా గమ్యం చేర్చడాన్ని ఆ సంస్థ తన ప్రత్యేకతగా చెప్పుకునేది. కాసేపట్లో తెరిపి ఇస్తుందన్న ఆశతో ప్రయాణికులను ఎక్కించుకుని, విమానాలను గేట్ల దగ్గర్నుంచి బయటికి పంపింది. తెరిపి ఇవ్వలేదు. ఆకాశం నుంచి మంచు గుళికలు రాలుతుంటే ఎగరకూడదని నిబంధన. వెనక్కి వద్దామంటే, ఈలోగా దిగిన విమానాలు గేట్లను ఆక్రమించేశాయి. చక్రాలు నేలకు గడ్డకట్టుకుపోయాయి. తొమ్మిది విమానాల్లో జనం ఆరు గంటలకు పైగా ఇరుక్కుపోయారు. ఒక విమానంలోనైతే పది గంటలు దాటింది. టెర్మినల్ కిటికీల్లోంచి చూస్తే కనిపించేంత దూరంలోనే ఉన్నారు, కానీ దిగే దారి లేదు. వాళ్లను దించడానికి బస్సులు కావాలని సంస్థ అడిగేసరికి మధ్యాహ్నం దాటింది.

తుఫాను ఒక్కరోజులో వెళ్లిపోయింది. జెట్‌బ్లూ మాత్రం దాదాపు వారం రోజులు కోలుకోలేదు. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. సుమారు 1,30,000 మంది ప్రయాణాలు చెడిపోయాయి.

అసలు కథ ఈ రెండో భాగంలోనే ఉంది. ఆకాశం తేటపడ్డాక కూడా విమానాలు ఎందుకు నడవలేదు? పైలట్లు, క్యాబిన్ సిబ్బంది ఎక్కడెక్కడో చిక్కుకుపోయారు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి విశ్రాంతి గంటలు పూర్తయ్యాయో, ఎవరిని ఏ విమానానికి పంపవచ్చో ఒక్కచోట చూసుకునే ఏర్పాటు సంస్థ దగ్గర లేదు. ఆ లెక్కలు చూసే విభాగంలో మనుషులూ చాలరు. టికెట్ మార్చుకుందామని ప్రయాణికులు ఫోన్ చేస్తే లైన్ కలవలేదు. జెట్‌బ్లూ బుకింగ్ సిబ్బందిలో ఎక్కువమంది యూటా రాష్ట్రంలో తమ ఇళ్లలో కూర్చునే పనిచేసేవారు. సెలవులో ఉన్నవాళ్లను కూడా పిలిపించారు, కానీ బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఒకేసారి 650 మందినే లోపలికి రానిచ్చింది. ఆదరాబాదరాగా ఆ హద్దును 950కి పెంచారు. అదీ చాలలేదు. పోయిన సామాన్లను వెతికి పట్టుకోవడానికి కంప్యూటర్ వ్యవస్థ కూడా లేదు. విమానాశ్రయంలో సూట్‌కేసులు గుట్టలు పడ్డాయి.

ఇవేవీ తుఫాను చేసినవి కావు. ఏడేళ్లలో సంస్థ వేగంగా పెరిగింది, వెనుక ఉండాల్సిన వ్యవస్థలు దానితోపాటు పెరగలేదు. ఆ సంగతి సంస్థ అధిపతి డేవిడ్ నీల్‌మన్‌కు తెలుసు. తెలిసినా దాచుకునే వీలు ఆయనకు పుష్కలంగా ఉంది. మంచు తుఫాను నిజంగానే వచ్చింది, టీవీల్లో అందరూ చూశారు. ‘ప్రతికూల వాతావరణం కారణంగా’ అన్న రెండు మూడు మాటలతో పని ముగించి ఉంటే అందులో అబద్ధమూ ఉండేది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండేది, అంతే.

ఆయన చెప్పింది వేరు. సంక్షోభం ఇంకా సాగుతుండగానే న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ, జరిగినదానికి సిగ్గుతో చితికిపోయానన్నారు. అక్కడితో ఆగి ఉంటే అది ఒక భావోద్వేగ ప్రకటనగా మిగిలేది. లోపల ఏం జరిగిందో కూడా విప్పి చెప్పారు. సాయం చేద్దామని ముందుకొచ్చినవాళ్లు సంస్థలో ఎంతోమంది ఉన్నారు, వాళ్లకు ఆ పనిలో శిక్షణ లేదు. అత్యవసర నియంత్రణ కేంద్రం నిండా మనుషులున్నారు, ఏం చేయాలో వాళ్లకు తెలియదు. క్యాబిన్ సిబ్బంది మూడు రోజులపాటు హోటల్ గదుల్లో కూర్చుండిపోయారు, సంస్థకు ఫోన్ చేస్తే ఎవరూ దొరకలేదు. ‘నేను సిద్ధంగా ఉన్నాను, ఏం చేయమంటారు’ అని పైలట్లు నేరుగా ఆయనకే ఈమెయిళ్లు పంపారు. ఒక సంస్థ అధిపతి తన ఇంటి గుట్టును ఇంత వివరంగా పత్రికకు చెప్పడం అప్పటికీ ఇప్పటికీ అరుదే. ఆ వివరాల వల్లే ఆ సిగ్గు నిజమైనదని పాఠకులు నమ్మగలిగారు.

ఆ తర్వాత కస్టమర్లందరికీ ఒక ఉత్తరం వెళ్లింది. ఒక వీడియో ప్రసంగం కూడా వచ్చింది, దాన్ని యూట్యూబ్‌లో పెట్టారు. అప్పటికి యూట్యూబ్ వయసు రెండేళ్లే. పెద్ద సంస్థల అధిపతులు అక్కడికొచ్చి జనంతో మాట్లాడటం కొత్త. ఆ వీడియోలో హంగులు లేవు. నీల్‌మన్ నేరుగా కెమెరా వైపు చూస్తూ, అక్కడక్కడా తడబడుతూ మాట్లాడతారు. ఏ లోపం ఎక్కడ బయటపడిందో, దాన్ని సరిచేయడానికి ఏం మొదలుపెట్టారో చెబుతారు.

ఉత్తరాన్ని వాక్యం వాక్యంగా చదివితే దాని పనితనం కనిపిస్తుంది. మొదటి మాటే క్షమాపణ: సిగ్గుపడుతున్నాం, అన్నిటికన్నా మించి ఎంతో చింతిస్తున్నాం అని. ‘ప్రియమైన కస్టమర్లారా, మీ ఆదరణకు ధన్యవాదాలు’ లాంటి పీఠిక లేదు. తర్వాతి వాక్యం, సంస్థ ఏడేళ్ల చరిత్రలో ఇంత ఘోరమైన వారం ఇంకొకటి లేదని ఒప్పుకుంటుంది. తుఫాను ప్రస్తావన ఆ తర్వాతి వాక్యంలో వస్తుంది. అదెలా వస్తుందో చూడాలి. తుఫాను దరిమిలా ‘మేము మా ప్రయాణికులను’ సహించరాని ఆలస్యాలకు, రద్దులకు, సామాన్లు పోగొట్టుకునే దుస్థితికి గురిచేశాం అని రాశారు. తుఫాను ఆ వాక్యంలో కాలాన్ని సూచిస్తుంది. క్రియ చేసింది ‘మేము’.

ఇంకో చోట, మీకు కలిగిన ఆందోళనకు అని రాయకుండా, ‘మేము కలిగించిన’ ఆందోళనకు, విసుగుకు, ఇబ్బందికి ఎంత చింతిస్తున్నామో మాటల్లో చెప్పలేం అన్నారు. ప్రయాణాన్ని మానవీయంగా మారుస్తామన్న హామీతో పుట్టిన సంస్థ మాది, ఆ హామీని పోయిన వారం నిలబెట్టుకోలేకపోయాం అని తమ ప్రచార వాక్యాన్నే తమ మీద కొలబద్దగా పెట్టుకున్నారు. చివర్లో, మీకు మా నుంచి ఇంతకన్నా మంచి సేవ, చాలా మంచి సేవ దక్కాల్సింది అన్నారు.

తెలుగులో ఇది మరింత కష్టం. మన వ్యాకరణం తప్పించుకోవడానికి చాలా సులువైన దారి ఇస్తుంది. ‘అంతరాయం ఏర్పడింది’, ‘పొరపాటు జరిగింది’, ‘ఆలస్యమైంది’, ‘ఇబ్బంది కలిగింది’ అంటే చాలు, ఎవరు చేశారన్న ప్రశ్నే పుట్టదు. రైల్వే స్టేషన్ మైకులో దశాబ్దాలుగా వింటున్న ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అనే వాక్యంలో చింతించేవారున్నారు, అసౌకర్యాన్ని కలిగించినవారు లేరు. స్టేషన్‌లో ఆ మాట ఒక సమాచారం కింద లెక్క, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రాత్రంతా రోడ్డు మీద నిలబడ్డ మనిషికి ఒక సంస్థ యజమాని అదే మాట చెబితే ఒళ్లు మండుతుంది.

దీనికి తోడబుట్టినది ‘ఏదైనా ఇబ్బంది కలిగి ఉంటే’ అనే షరతు. ఇబ్బంది కలిగిందో లేదో తెలియనట్టు మాట్లాడటమిది. వినేవాడు మనసులో వెంటనే జవాబు చెప్పుకుంటాడు: కలగకపోతే నువ్వెందుకు మాట్లాడుతున్నావు? మూడోది అంకెల చాటున దాక్కోవడం. ‘మా సర్వీసుల్లో రెండు శాతమే ప్రభావితమయ్యాయి’ అనే వాక్యం, ఆ రెండు శాతంలో ఉన్న కుటుంబానికి వాళ్లు లెక్కలోకి రారని చెబుతుంది. ఆ అంకె నిజమే కావచ్చు. దాన్ని వాటాదారుల సమావేశంలో చెప్పుకోవచ్చు.

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఉదంతంలో ఈ తేడా ఒకే మనిషి నోట, ఒకటి రెండు రోజుల వ్యవధిలో కనిపించింది. 2017 ఏప్రిల్ 9న షికాగో నుంచి లూయీవిల్ వెళ్లాల్సిన విమానంలో నలుగురు సొంత సిబ్బందికి చోటు కావాల్సి వచ్చింది. దిగనన్న ఒక ప్రయాణికుణ్ణి విమానాశ్రయ భద్రతా సిబ్బంది సీట్లోంచి లాగి, నేలమీద ఈడ్చుకుంటూ తీసుకుపోయారు. ఆయన ముఖం మీద రక్తం కారుతున్న దృశ్యం తోటి ప్రయాణికుల ఫోన్ల నుంచి ప్రపంచమంతా తిరిగింది. మర్నాడు సంస్థ అధిపతి ఆస్కార్ మునోజ్ ఇచ్చిన ప్రకటనలో, ఈ ప్రయాణికులకు ‘మరోచోట సర్దుబాటు’ చేయాల్సి వచ్చినందుకు క్షమాపణ చెప్పారు. జనం చూసింది ఈడ్చుకుపోవడం, విన్నది సర్దుబాటు. అదే రోజు ఉద్యోగులకు రాసిన ఉత్తరంలో ఆ ప్రయాణికుణ్ణి గొడవకు దిగేవాడిగా వర్ణించారు. ఆ ఉత్తరం గంటల్లో బయటికొచ్చింది. బయట ఒకటి, లోపల ఒకటి చెప్పగలిగే కాలం అప్పటికే పోయింది.

పదకొండో తేదీన మునోజ్ మళ్లీ మాట్లాడారు. ఎవరితోనూ ఎన్నడూ ఇలా ప్రవర్తించకూడదని, పూర్తి బాధ్యత తమదేనని, ఏం మారుస్తారో ఏప్రిల్ 30 లోగా చెబుతామని అన్నారు. ఈ మూడో ప్రకటనలో లోపం వెతకడం కష్టం. మొదటి రోజే ఇలా చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. మూడోసారి చెప్పినందువల్ల, పశ్చాత్తాపంతో వచ్చిందా లేక షేరు ధర పడిపోయిందని వచ్చిందా అన్న అనుమానం దాన్ని వదల్లేదు.

నీల్‌మన్ ఉత్తరం కూడా మచ్చలేనిది కాదు. మధ్యలో ఒకచోట, ఈ చర్యలతో మునుపెన్నడూ లేనంత నమ్మదగిన సంస్థగా ఎదుగుతామని ధీమా వ్యక్తం చేశారు. తాము తెస్తున్న ఏర్పాటు విమానయాన రంగానికే ముందడుగని చెప్పుకున్నారు. ఆ రెండు చోట్ల ప్రకటనల విభాగం గొంతు వినిపిస్తుంది. సామాను పోయినవాడికి సంస్థ భవిష్యత్తు మీద ఆసక్తి ఉండదు. క్షమాపణలో మెచ్చుకోలు ఎంత చిన్నదైనా వినేవాడి చెవికి ముందు అదే తగులుతుంది.

అయినా ఆ ఉత్తరం నిలబడటానికి కారణం, దాని వెనుక డబ్బు ఉంది. ఫిబ్రవరి 14న విమానాల్లో మూడు గంటలకు మించి చిక్కుకున్నవారికి టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి ఇచ్చారు, పైగా రానూపోనూ ఉచిత ప్రయాణానికి వోచరు ఇచ్చారు. ఫిబ్రవరి 20న ‘ప్రయాణికుల హక్కుల పత్రం’ ప్రకటించారు. విమానం దిగాక గేటు దొరక్క అరగంట దాటితే 25 డాలర్ల వోచరు. గంట దాటితే 100 డాలర్లు. రెండు గంటలు దాటితే ఒకవైపు టికెట్ ధర, మూడు గంటలు దాటితే రానూపోనూ టికెట్ ధర. బయల్దేరక ముందు నేలమీదే ఐదు గంటలు గడిస్తే ప్రయాణికులను దించేయాల్సిందే. ఈ పత్రాన్ని ఫిబ్రవరి 14 నుంచే వర్తింపజేశారు. రేపటి నుంచి బాగుంటామని చెప్పడం తేలిక. నిన్న నష్టపోయినవాడికి కూడా రేపటి నియమం ప్రకారమే చెల్లిస్తామనడంలో సంస్థ జేబుకు చిల్లు పడుతుంది. రెండు మూడు కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అప్పట్లో అంచనా వేశారు.

మార్చి మధ్యలో ఈశాన్య అమెరికాను మరో మంచు తుఫాను తాకింది. ఈసారి జెట్‌బ్లూ ఎదురుచూడలేదు. రెండు వందలకు పైగా విమానాలను ముందుగానే రద్దు చేసి, ప్రయాణికులకు కబురు పంపింది. ఎప్పుడూ రద్దు చేయమన్న పాత గర్వాన్ని వదులుకుంది. ప్రసంగంలో చెప్పిన మార్పును జనం కళ్లారా చూడటానికి నెల రోజులే పట్టింది.

ఆ క్షమాపణ నీల్‌మన్ పదవిని కాపాడలేదు. ఆ ఏడాది మే నెలలోనే బోర్డు ఆయన్ను సీఈవో బాధ్యతల నుంచి తప్పించి, డేవ్ బార్గర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. నీల్‌మన్ తర్వాత బ్రెజిల్ వెళ్లి అజుల్ అనే విమానయాన సంస్థను మొదలుపెట్టారు. క్షమాపణ చెప్పినందుకే పదవి పోయిందని కొందరు వ్యాపారవేత్తలు తీర్మానించుకుంటారు. ఫిబ్రవరిలో బయటపడిన ఏర్పాట్ల లేమి ఆయన హయాంలో వచ్చిందే కదా. మంచి మాట ఆ లెక్కను చెరపదు. చెరుపుతుందన్న ఆశతో మాట్లాడేవారి క్షమాపణ ఎలాగూ వంకరగానే వస్తుంది.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ 2025 డిసెంబరులో దొరికింది. పైలట్ల విశ్రాంతి గంటలను పెంచి, రాత్రి ల్యాండింగులను తగ్గించే కొత్త నిబంధనల రెండో దశ నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. ఆ నిబంధనలు వస్తాయని చాలా ముందునుంచే అందరికీ తెలుసు. ఇండిగో దగ్గర మాత్రం వాటికి తగినంతమంది పైలట్లు, తగిన ప్రణాళిక లేకపోయాయి. డిసెంబరు మొదటి వారంలో వేలాది విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్ సహా దేశంలోని పెద్ద విమానాశ్రయాలన్నిటిలో జనం సామాన్ల మధ్య నేలమీద కూర్చున్నారు. సంస్థ మొదట ఇచ్చిన ప్రకటన ఊహించని సవాళ్లంటూ ఒక వరుస చదివింది: చిన్నపాటి సాంకేతిక లోపాలు, శీతాకాలపు షెడ్యూలు మార్పులు, వాతావరణం, విమానాశ్రయాల్లో రద్దీ, సిబ్బంది పని వేళల కొత్త నిబంధనలు. ఐదు కారణాలు చెప్పినప్పుడు ఏ ఒక్కదానికీ ఎవరూ బాధ్యులు కారు. పైగా ముందే ప్రకటించిన నిబంధన ఊహించనిది ఎలా అవుతుంది?

డిసెంబరు 5న సీఈవో పీటర్ ఎల్బర్స్ వీడియోలో మాట్లాడినప్పుడు స్వరం మారింది. ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయని ఒప్పుకున్నారు. విమానం రద్దయినవారు విమానాశ్రయానికి రావద్దని కోరారు. డిసెంబరు 10, 15 మధ్య పరిస్థితి చక్కబడవచ్చని చెప్పారు. ఇవి పనికొచ్చే మాటలు, ఎందుకంటే ఆ రాత్రి ఇంట్లోంచి బయల్దేరాలో వద్దో తేల్చుకోవడానికి ప్రయాణికుడికి అవి కావాలి. రెండు మూడు రోజుల ముందే వచ్చి ఉంటే ఎంతోమంది టాక్సీ డబ్బులు, పెళ్లి ముహూర్తాలు, పరీక్షలు మిగిలేవి. విచారణ తర్వాత 2026 జనవరిలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగోకు రూ.22.20 కోట్ల జరిమానా విధించింది.

సంస్థలు వాతావరణాన్ని, ‘అనివార్య కారణాలను’ ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటాయో అర్థం చేసుకోవాలి. విమానం రద్దయితే మన దేశంలో డీజీసీఏ నియమాల ప్రకారం ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5,000 నుంచి రూ.10,000 వరకు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. రద్దుకు కారణం సంస్థ అదుపులో లేని అసాధారణ పరిస్థితి అయితే ఆ పరిహారం ఇవ్వనక్కర్లేదు. కాబట్టి సంస్థ లాయరుకు ‘వాతావరణం’ అన్న మాట డబ్బుతో సమానం. వినియోగదారుల కమిషన్‌లో ‘సేవాలోపం’ కింద కేసు పడుతుందన్న భయం కూడా ఉంటుంది. లాయరు భయం అర్థం లేనిదేమీ కాదు. ప్రాణనష్టం జరిగి, విచారణ నడుస్తున్నప్పుడు కారణాలు తేలకుండానే అధిపతి నోరు జారడం బాధితులకూ మంచిది కాదు. అలాంటప్పుడు ‘కారణం ఇంకా తెలియదు, ఫలానా తేదీకి చెబుతాం’ అనడమే నిజాయితీ. బస్సు రాలేదు, సామాను పోయింది, ఫోన్ ఎత్తలేదు అనేవి మాత్రం వేలమందికి తెలిసిన సంగతులు. వాటిని ఒప్పుకుంటే కొత్తగా పోయే కేసేమీ ఉండదు.

ఇదంతా ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. సంక్రాంతికి ముందు రాత్రి హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు వెళ్లాల్సిన ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు పద్నాలుగు బయల్దేరలేదనుకుందాం. మామూలుగా వచ్చే ప్రకటన ఇలా ఉంటుంది: ‘పండుగ రద్దీ, ట్రాఫిక్, డ్రైవర్ల కొరత వంటి అనివార్య కారణాల వల్ల కొన్ని సర్వీసులకు అంతరాయం ఏర్పడింది. ప్రయాణికులకు ఏదైనా అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాం. ఇరవై ఏళ్లుగా ప్రయాణికుల సంతృప్తే మా ధ్యేయం. మా సిబ్బంది రాత్రింబవళ్లు శ్రమిస్తున్నారు. దయచేసి సహకరించగలరు.’ ఇందులో బస్సు రాలేదన్న మాటే లేదు. పండుగ ఎప్పుడొస్తుందో క్యాలెండరు చూసిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి రద్దీ అనివార్యం కాదు. ఆఖరి వాక్యం నష్టపోయినవాడినే సాయం అడుగుతోంది.

అదే యజమాని ఇలా మాట్లాడవచ్చు:

‘జనవరి 12 రాత్రి మియాపూర్, ఎల్‌బీ నగర్ పాయింట్ల నుంచి వెళ్లాల్సిన మా బస్సులు పద్నాలుగు బయల్దేరలేదు. వాటికి టికెట్లు అమ్మింది మేమే. సరిపడా డ్రైవర్లు లేరని ఆ రోజు మధ్యాహ్నమే మాకు తెలుసు. ఎక్కడినుంచో సర్దుదామనుకుని బుకింగులు ఆపలేదు, మీకు చెప్పలేదు. మధ్యాహ్నమే చెప్పి ఉంటే మీలో చాలామంది రైలుకో ఆర్టీసీ బస్సుకో వెళ్లగలిగేవారు. ఆ అవకాశాన్ని మేమే మీకు లేకుండా చేశాం. పిల్లలతో, పెద్దవాళ్లతో చలిలో తెల్లవారేదాకా రోడ్డు మీద నిలబడ్డారు. మీరు ఫోన్ చేస్తే మేం ఎత్తలేదు. భోగి మంట దగ్గర ఇంట్లో ఉండాల్సినవాళ్లు చాలామంది పండుగకే వెళ్లలేకపోయారు. నన్ను క్షమించండి. మీ టికెట్ డబ్బు మొత్తం, దానికి సమానమైన మరో మొత్తం, మీరు అడగకుండానే ఈ శుక్రవారంలోగా మీరు కట్టిన ఖాతాకే పంపుతాం. ఆ రాత్రి వేరే బండి మాట్లాడుకున్నవారు రసీదు పంపితే ఆ తేడా కూడా ఇస్తాం. రసీదు లేనివారు ఎంత ఇచ్చారో చెప్పండి, మీ మాట నమ్ముతాం. ఇకమీదట డ్రైవరు పేరు ఖాయం కాని బస్సుకు టికెట్ అమ్మం. ఈ పని ఉగాది లోపల పూర్తిచేసి, అయిందో లేదో మీకు చెబుతాను.’

చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇందులో అన్నిటికన్నా కష్టమైన వాక్యం ‘మధ్యాహ్నమే మాకు తెలుసు’ అన్నది. చాలా ముసాయిదాల్లో లాయరు కొట్టేసేది దాన్నే, ప్రయాణికుడు వెతికేదీ దాన్నే. తప్పు ఎప్పుడు ఎవరి చేతిలో ఉండిందో ఆ వాక్యం చెబుతుంది. అది లేకపోతే మిగతా వినయమంతా ఎవరైనా ఎప్పుడైనా చెప్పగలిగేదే. ‘క్షమించండి’ అన్న మాట నష్టం వివరించాక వచ్చింది. నీల్‌మన్ ఉత్తరంలో అది మొదటే ఉంది. రెండూ నడుస్తాయి, ఎందుకంటే రెండు చోట్లా దేనికి క్షమాపణో అనుమానం లేదు. కష్టపడిన సిబ్బంది ప్రస్తావన తీసేశాం. వాళ్లకు కృతజ్ఞత చెప్పాలి, వాళ్లను కూర్చోబెట్టుకుని చెప్పాలి. కోపంగా ఉన్న కస్టమరు ముందు వాళ్లను నిలబెడితే అది యజమాని వాళ్ల వెనక దాక్కోవడమే అవుతుంది.

ఎవరు చెబుతున్నారన్నది కూడా మాటల్లో భాగమే. ప్రజాసంబంధాల అధికారి సంతకంతో ఇదే పాఠం వెలువడితే ‘నన్ను క్షమించండి’ అన్న వాక్యానికి మనిషి లేకుండా పోతాడు. భాష కూడా అంతే. గోదావరి జిల్లాల ప్రయాణికులకు హైదరాబాద్ కార్యాలయం ఇంగ్లీషులో పంపే ప్రకటన, పత్రికా విలేకరుల కోసం రాసినట్టుంటుంది. యజమాని తన తెలుగులో, తను రోజూ మాట్లాడే యాసలో, ఫోన్ కెమెరా ముందు కూర్చుని చెప్పినా చాలు. కాగితం చూసి చదివితే తప్పులేదు. అంకెలు, తేదీలు తప్పు పోకుండా ఉండాలంటే చూడటమే మంచిది.

ప్రసంగం బయటికెళ్లే ముందు ఒక పని మిగిలి ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. కాల్ సెంటర్‌లో కూర్చునే సిబ్బందికి ఈ ప్రసంగాన్ని ముందుగా వినిపించాలి. పరిహారం ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది వాళ్ల కంప్యూటర్ తెరమీద అప్పటికే ఉండాలి. యజమాని ‘రసీదు లేకపోయినా నమ్ముతాం’ అని చెప్పిన గంటకు ఒకావిడ ఫోన్ చేస్తే, అవతలివాళ్లు ‘మేడమ్, రసీదు లేకుండా కుదరదండీ’ అంటే క్షమాపణ అక్కడితో రద్దయిపోతుంది. జెట్‌బ్లూ ఫోన్ లైన్లకు ఆ వారం పట్టిన గతి గుర్తుంటే, ప్రసంగం విడుదల చేసే ముందు ఎన్ని లైన్లు తెరిచి ఉన్నాయో, ఎంతమంది జవాబు చెప్పగలరో లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క కుదరకపోతే ప్రసంగంలోనే చెప్పేయాలి: ఫోన్ కలవకపోతే ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి, రెండు రోజుల్లో మేమే తిరిగి ఫోన్ చేస్తాం అని.